సోయా పాలు కాఫీలో ఎందుకు విరుగుతాయి?

తార్నాకలో మా ఇంట్లో ఉదయం ఆరున్నరకల్లా ఫిల్టర్ కింది గిన్నెలో డికాషన్ దిగి ఉంటుంది. అది అత్తమ్మ పని, ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. కడుపు ఉబ్బరానికి కారణం పాలలోని లాక్టోజ్ అని డాక్టర్ చెప్పాక, ఆమె కోసం మొదటిసారి ఒక సోయా డబ్బా తెచ్చాను. ఫ్రిజ్‌లోంచి తీసి, పొగలు వస్తున్న డికాషన్‌లో నేరుగా పోశాను. పోసిన చోట తెల్లటి మబ్బు లేచింది. చెంచా తిప్పేలోపే ఆ మబ్బు రవ్వరవ్వగా విడిపోయింది. అర నిమిషంలో కొన్ని తునకలు అడుక్కి దిగాయి, కొన్ని పైకి తేలాయి, మధ్యలో పలుచటి గోధుమరంగు నీళ్ళు మిగిలాయి.

“పాలు ఇరిగినయి బిడ్డా, పాత డబ్బా అంటగట్టిండు నీకు” అంది అత్తమ్మ.

డబ్బా మీద తేదీ చూశాను, బాగానే ఉంది. మిగిలిన పాలను కొద్దిగా గిన్నెలో పోసి విడిగా కాచాను. పొంగు వచ్చే దాకా చూసినా ఒక్క రవ్వ కూడా కట్టలేదు, పుల్లటి వాసన రాలేదు. మీ ఇంట్లో ఇలా జరిగితే ముందు చేయాల్సిన పరీక్ష ఇదే. విడిగా కాచినప్పుడే విరిగితే పాలు చెడినట్టు, పారబోయండి. కాఫీలో మాత్రమే విరిగితే పాలలో తప్పేమీ లేదు. అలా విరిగిన కాఫీ చూడటానికి బాగుండదు, నోటికి రవ్వ తగులుతుంది, కానీ తాగితే ప్రమాదం లేదు.

కప్పులో జరిగింది కొత్త సంగతేమీ కాదు. కాగుతున్న పాలలో నిమ్మరసం పిండితే పన్నీరు వస్తుంది. వేడి సోయా పాలలో పులుపో, కాల్షియం లవణమో కలిపితే టోఫూ వస్తుంది. కాఫీలో పులుపు ఉంది, వేడి ఉంది. చాలా సోయా డబ్బాల్లో కాల్షియం ముందే కలిపి ఉంటుంది. అంటే టోఫూకి కావలసినవన్నీ ఒకే గ్లాసులో చేరాయి. నేను ఆ రోజు తెలియకుండానే ఒక చెంచాడు టోఫూ చేశాను.

సోయా పాలలో సుమారు 3 శాతం ప్రోటీన్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం గ్లైసినిన్, బీటా కాంగ్లైసినిన్ అనే రెండు రకాలది. డబ్బాలోని పాల పీహెచ్ 7కి దగ్గరగా ఉంటుంది, అంటే దాదాపు పులుపు లేనట్టే. ఆ స్థితిలో ప్రోటీన్ కణాల మీద నెగటివ్ చార్జ్ ఉంటుంది. అన్నిటికీ ఒకే రకం చార్జ్ కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్ళలో విడివిడిగా తేలుతుంటాయి. పాలు పాలలా కనిపించడానికి ఈ నెట్టుకోవడమే కారణం. పులుపు కలిసేకొద్దీ ఆ చార్జ్ తగ్గుతుంది. పీహెచ్ 4.5 నుంచి 5 మధ్యకి వచ్చేసరికి సోయా ప్రోటీన్ల మీద మొత్తంగా చార్జే మిగలదు. అయితే విరగడానికి అంత దాకా పోనక్కర్లేదు. వేడిగా ఉన్నప్పుడు 6కి కిందికి దిగుతూనే కణాలు గుంపులు కట్టడం మొదలుపెడతాయి. మామూలు కాఫీ పీహెచ్ దాదాపు 5 ఉంటుంది. కొద్దిపాటి సోయా పాలు ఎక్కువ కాఫీలో పడితే అవి నేరుగా ప్రమాదంలో పడ్డట్టే.

మరి గేదె పాలు ఎందుకు విరగవు? కాఫీలో మనం పాలు ఎక్కువ పోస్తాం, పాలలోని ఫాస్ఫేట్, ప్రోటీన్లు ఆ పులుపును చాలావరకు తమలో ఇముడ్చుకుంటాయి. పైగా ఈ పాలలోని ముఖ్యమైన ప్రోటీన్ కేసీన్, దాని కణాలు సోయా కన్నా వేడికి బాగా తట్టుకుంటాయి. అవే పాలు రెండు రోజులు నిలవుండి కాస్త పులిశాయంటే కాఫీలో విరుగుతాయి, ఆ సంగతి ప్రతి ఇంటికీ తెలిసిందే.

వేడి సంగతి కొంచెం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ముడుచుకుని ఉండే సోయా ప్రోటీన్ వేడికి విచ్చుకుంటుంది. లోపల దాగిన, నీళ్ళంటే పడని భాగాలు బయటపడతాయి. డబ్బా పాలను ఫ్యాక్టరీలోనే బాగా వేడిచేస్తారు కాబట్టి ఆ పని ముందే చాలావరకు అయిపోయి ఉంటుంది. అప్పటి నుంచి ఆ భాగాలు ఒకదానికొకటి అతుక్కుపోవాలనే చూస్తుంటాయి, వాటిని ఆపుతున్నది చార్జ్ ఒక్కటే. కాఫీ పులుపు ఆ చార్జ్‌ను తగ్గిస్తుంది, కాఫీ వేడి కణాలను గట్టిగా ఢీకొట్టిస్తుంది, అతుక్కునే గుణాన్ని కూడా పెంచుతుంది. చల్లటి కాఫీలో చల్లటి సోయా పోసి చూడండి, చాలాసార్లు చక్కగా కలిసిపోతుంది. పులుపు ఉంది, వేడి లేదు. అందుకే కోల్డ్ కాఫీ తాగేవాళ్ళకు ఈ బాధ తక్కువ.

మూడోది కాల్షియం. పాలకు బదులుగా తాగుతారు కదా అని కంపెనీలు కాల్షియం కార్బొనేట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ లాంటివి కలుపుతాయి. పులుపు లేనప్పుడు అవి కరగవు, సన్నటి పొడిలా ఉండిపోతాయి. కాఫీలో కరుగుతాయి. కరిగిన కాల్షియానికి రెండు పాజిటివ్ చార్జ్‌లు ఉంటాయి కాబట్టి ఒక ప్రోటీన్ కణాన్ని, పక్కనున్న ఇంకో కణాన్ని రెండు చేతులతో పట్టుకుని కలిపేస్తుంది.

మన బోరు నీళ్ళ సంగతి ఇక్కడే చెప్పాలి. గీజర్‌లో తెల్లగా పేరుకునే గారకు కారణమైన కాల్షియం, మెగ్నీషియం ఇంట్లో సోయా గింజలు నానబెట్టి రుబ్బితే ఆ పాలలోకీ వస్తాయి, పాలు త్వరగా విరుగుతాయి. అవే నీళ్ళతో డికాషన్ వేస్తే మాత్రం మేలు, ఎందుకంటే వాటిలోని బైకార్బొనేట్ కాఫీ పులుపును కొంత చంపుతుంది. ఆర్వో ఫిల్టర్ నీళ్ళలో రెండూ తక్కువ. అందుకే ఇంట్లో సోయా పాలు తీసేవాళ్ళు ఆర్వో నీళ్ళతో తీయడమే మంచిది.

ఇక ఆ ఆదివారం మేం చేసింది. మూడు స్టీలు గ్లాసులు, ఒకే డికాషన్, ఒకే డబ్బా. ప్రతి గ్లాసుకీ 40 మిల్లీలీటర్ల డికాషన్, 120 మిల్లీలీటర్ల సోయా.

మొదటి గ్లాసులో పాత పద్ధతే: వేడి డికాషన్ మీద ఫ్రిజ్ పాలు. మళ్ళీ విరిగింది. రెండో గ్లాసులో వరస మార్చాం. ముందు చల్లటి పాలు పోసి, వాటిలోకి డికాషన్ సన్నటి ధారగా వంచాం. తునకలు కట్టలేదు, కానీ గ్లాసు గోడకి సన్నటి నూక అంటుకుంది, కాఫీ కూడా చల్లారిపోయింది. మూడో గ్లాసుకి పాలను మరగనివ్వకుండా వేలు ముంచితే చురుక్కుమనేంత వేడి చేశాం, థర్మామీటర్‌లో 58 డిగ్రీలు. డికాషన్‌ను రెండు నిమిషాలు పక్కన పెట్టాం, 70కి దిగింది. పాలు తిప్పుతూనే డికాషన్ కొంచెం కొంచెంగా పోశాం. గ్లాసు వంచి చూస్తే గోడ మీద నునుపుగా జారింది, ఒక్క రవ్వ లేదు. అత్తమ్మ ఆ గ్లాసే తీసుకుంది.

మూడు గ్లాసుల్లోనూ చివరికి చేరిన పదార్థాలు ఒక్కటే. తేడా అంతా దారిలో ఉంది. పాలు కాఫీలో పడినప్పుడు మొదటి చుక్క చుట్టూ అంతా కాఫీయే. ఆ చుక్కకు పూర్తి పులుపు, పూర్తి వేడి ఒకేసారి తగులుతాయి. ఒకసారి గుంపు కట్టిన ప్రోటీన్, తర్వాత ఎన్ని పాలు పోసినా విడిపోదు. కాఫీ పాలలో పడినప్పుడు సంగతి తిరగబడుతుంది. మొదటి చెంచా కాఫీ పులుపును అన్ని పాలూ కలిసి పంచుకుంటాయి, పీహెచ్ 7 నుంచి మెల్లగా దిగుతుంది, చివరిదాకా 6కి పైనే ఆగుతుంది. అందుకే పాలు మూడొంతులు, డికాషన్ ఒక వంతు అనే లెక్క ముఖ్యం. స్ట్రాంగ్‌గా కావాలని సగం సగం పోస్తే పీహెచ్ 6 దాటి కిందికి పోవచ్చు, అప్పుడు ఏ వరసలో పోసినా లాభం ఉండదు.

కాఫీ రకం కూడా తేడా చూపిస్తుంది. ఈ మధ్య సిటీలోని కొత్త కేఫ్‌లలో దొరికే లైట్ రోస్ట్ గింజల్లో పులుపు ఎక్కువ. బాగా వేగిన డార్క్ రోస్ట్‌లో తక్కువ. సోయాకి డార్క్ రోస్టే తీసుకోండి.

డబ్బా కొనేటప్పుడు వెనక్కి తిప్పి చదవండి. మన దేశంలో వీటిని పాలు అని అమ్మకూడదు కాబట్టి డ్రింక్ అనో, బెవరేజ్ అనో ఉంటుంది. కేఫ్‌ల కోసం చేసే బరిస్టా రకంలో చాలాసార్లు డైపొటాషియం ఫాస్ఫేట్ ఉంటుంది, లేబుల్ మీద అసిడిటీ రెగ్యులేటర్ పక్కన ఐఎన్ఎస్ 340 అని కనిపిస్తుంది. అది కాఫీ పులుపును పీల్చుకుంటుంది, కరిగిన కాల్షియాన్నీ పట్టి ఉంచుతుంది. విరగడానికి కారణమైన మూడింటిలో రెండింటిని అదొక్కటే అడ్డుకుంటుంది. జెల్లాన్ గమ్ అని ఉంటే అది రవ్వలు అడుక్కి దిగకుండా ఆపుతుందే గానీ పులుపును తగ్గించదు. రెండిట్లో ఒకటే ఉన్న డబ్బా ఎంచుకోవాల్సి వస్తే నేను 340 ఉన్నదే తీసుకుంటాను.

ఓట్స్ పాలతో ఇబ్బంది తక్కువ, అది కూడా వేరే రకం. వాటిలో ప్రోటీన్ సుమారు 1 శాతమే, గుంపు కట్టడానికి సరుకే తక్కువ. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ ద్రవాన్ని కాస్త చిక్కగా ఉంచుతుంది, కణాలు ఒకదాన్నొకటి చేరడం కష్టమవుతుంది. ఓట్స్ కాఫీ మీద కనిపించే విరుగుడు చాలాసార్లు నిజమైన విరుగుడు కాదు. డబ్బా అడుగున పేరుకున్నది కలవక, పలుచటి నీళ్ళు ముందు పడి, చిక్కటిది తర్వాత పడి అలా కనిపిస్తుంది. డబ్బాను పది సార్లు గట్టిగా ఊపి పోస్తే సరిపోతుంది. నిజంగానే నూక కట్టితే సోయాకి చెప్పిన వరసే పాటించండి.

ఇంట్లో ఓట్స్ రుబ్బి తీసిన పాల కథ వేరు. ఫ్యాక్టరీలో ఎంజైమ్‌లతో పిండిపదార్థాన్ని మాల్టోజ్ లాంటి చక్కెరలుగా విడగొడతారు, స్వీడన్‌లో 1990ల్లో లుండ్ విశ్వవిద్యాలయంలో రికార్డ్ ఓస్తే చేసిన పనితో మొదలైన పద్ధతి ఇది. డబ్బా ఓట్స్ పాలు కాస్త తియ్యగా ఉండటానికి కారణం అదే. ఇంట్లో ఆ పిండి అలాగే ఉంటుంది. 60 డిగ్రీల చుట్టుపక్కల అది ఉడికి జావ అవుతుంది, కాఫీ జిగురుగా సాగుతుంది. చల్లటి నీళ్ళతో అర నిమిషమే రుబ్బి, పిండకుండా వడకడితే కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు. వేడి కాఫీకి ఓట్స్ పాలు కావాలంటే కొన్నవే నయం.

మధ్యాహ్నం డికాషన్ మళ్ళీ పేచీ పెట్టింది. పొద్దుట సరిగ్గా కలిసిన సోయా, మూడు గంటలకు అదే వరసలో పోసినా సన్నగా విరిగింది. ఫ్లాస్క్‌లో గంటల తరబడి వేడిగా ఉన్న డికాషన్ ఇంకా పులుపెక్కుతుంది. కాఫీలోని క్లోరోజెనిక్ ఆమ్లాల నుంచి వచ్చిన లాక్టోన్లు నీటిలో మెల్లగా విడిపోయి క్వినిక్ ఆమ్లం అవుతాయి. నిలవున్న కాఫీ వగరుగా, పుల్లగా అనిపించేది దానివల్లే. ఇప్పుడు అత్తమ్మ మిగిలిన డికాషన్‌ను చల్లార్చి ఫ్రిజ్‌లో పెడుతోంది, కావలసినప్పుడు కావలసినంతే వేడి చేస్తుంది. దాని పక్కనే ఒక చిన్న సీసా ఉంటుంది, 100 మిల్లీలీటర్ల నీళ్ళలో పావు చెంచా వంటసోడా కరిగించింది. మధ్యాహ్నం కాఫీకి డికాషన్‌లో అందులోంచి ఒక్క చెంచా కలిపి, తర్వాత గోరువెచ్చటి సోయాలోకి వంచుతుంది. రెండో చెంచా పడితే సబ్బు రుచి వస్తుందని ఆమే కనిపెట్టింది.