యాప్ కన్నా ముందు డబ్బు కట్టే ఐదుగురు: అపోహలు – వాస్తవాలు

తిరుపతి బాలాజీ కాలనీలోని మా ఆఫీసుకు వచ్చేవాళ్లు ముందుగా అడిగే మాట: "అన్నా, యాప్‌కి ఎంతవుతుంది?" యాప్‌లు చేసివ్వడమే నా పని. అయినా, "ఇప్పటిదాకా మీకు డబ్బు కట్టిందెవరు?" అని నేను ఎదురడుగుతాను.

అపోహ: అడిగినవాళ్లంతా బాగుందన్నారు కాబట్టి కొంటారు.

వాస్తవం: బాగుందనడానికి ఖర్చేమీ లేదు. మన మొహం చూసి ఎవరూ కాదనరు.

మొన్నామధ్య ఒక అబ్బాయి వచ్చాడు. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటే, ఇక్కడున్న పెద్దవాళ్లను ఆస్పత్రికి తోడుగా తీసుకెళ్లే సర్వీసు పెడతానన్నాడు. యాప్‌కి మూడు లక్షలు అప్పు చేయబోతున్నాడు. ఆ టెన్షన్‌తో నిద్ర కూడా లేదు. అప్పు ఆపించి, చుట్టాలూ స్నేహితులూ కాని పద్నాలుగు మంది నంబర్లు మెడికల్ షాపుల ద్వారా, ఇరుగుపొరుగు ద్వారా అడిగి తెచ్చుకోమన్నాను. వాళ్లకు పంపిన వాట్సాప్ మెసేజ్ ఇది:

"వచ్చే వారం మీ నాన్నగారిని చెకప్‌కి మా మనిషి ఇంటినుంచి తీసుకెళ్లి, డాక్టర్ దగ్గర పక్కనే ఉండి, ఇంటికి తెచ్చి దింపుతాడు. ఆటోతో కలిపి 600 రూపాయలు, ముందుగా ఫోన్‌పేలో. మేం రాలేకపోతే అదే రోజు డబ్బు వాపసు."

పదకొండు మంది "మంచి ఆలోచన" అన్నారు. డబ్బు పంపింది ముగ్గురే. నేను లెక్కలోకి తీసుకునేది ఆ ముగ్గురినే.

ఆ మూడు ట్రిప్పులు చేశాకే అసలు సంగతి తెలిసింది. రెండు గంటల పనే అనుకున్నది ఐదు గంటలు పట్టింది. తోడు వెళ్లిన మనిషికి 400, ఆటోకి 240 పోతే ట్రిప్పుకు నలభై రూపాయలు నష్టం. యాప్ కావాలని ఒక్కరూ అడగలేదు. డాక్టర్ ఏం చెప్పారో వాయిస్ మెసేజ్, మందుల చీటీ ఫోటో కావాలన్నారు. రేటు 1000 చేసి మళ్లీ అడిగితే ఇంకో ఇద్దరు కట్టారు. ఇప్పుడు ట్రిప్పుకు 360 మిగులుతోంది.

ఐదుగురు దొరికినంత మాత్రాన పెద్ద మార్కెట్ ఉందని కాదు. జాలిపడి కట్టినవాళ్లను, డిస్కౌంట్ చూసి వచ్చినవాళ్లను తీసేయాలి. అసలు గుర్తు రెండోసారి పిలుపు. అతనికి నెల తిరిగేలోపు ఇద్దరు మళ్లీ ఫోన్ చేశారు, అదీ 1000 రేటుకే.

నేనూ ఒకప్పుడు ఎవరినీ డబ్బు అడక్కుండా ట్యూషన్ యాప్ చేశాను. ఎనిమిది నెలల కష్టం, ఒక్క చందా రాలేదు. మా నాన్నకు ఆ సంగతి చెప్పిన సాయంత్రం ఇంకా గుర్తుంది.

అపోహ: ఐడియా చెబితే కొట్టేస్తారు. 

వాస్తవం: చెప్పకపోతే కస్టమరే దొరకడు.

అపోహ: మొదటి రోజే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. 

వాస్తవం: సొంతంగా చేసే ఇలాంటి సర్వీసుకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటే వరకు మామూలుగా అక్కర్లేదు.

ఆ అబ్బాయి బుకింగులు ఇప్పటికీ ఒక రూళ్ల నోటుబుక్కులోనే రాసుకుంటున్నాడు. రోజుకు మూడు ట్రిప్పులు దాటి, నోటుబుక్కులో టైములు తారుమారైన రోజు రమ్మన్నాను.