పచ్చబడ్డది ఏ ఆకు?

ప్రాణహిత గోదావరిలో కలిసే సిరొంచ ప్రాంతంలో "చేను పచ్చబడ్డది" అన్న మాటకు రెండర్థాలున్నాయి. కళకళలాడుతున్నదనీ కావచ్చు, పసుపెక్కిందనీ కావచ్చు. పసుపెక్కిందన్న అర్థంలో అన్నప్పుడు వెంటనే అడగాల్సింది, ఏ ఆకు? ముదురాకా, లేతాకా? ఆకులో ఈనెలా, ఈనెల నడుమ భాగమా? ఈ జవాబులు తెలియకుండా యూరియా చల్లితే డబ్బు పోతుంది, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. నత్రజని తక్కువైతే పసుపు ముందు అడుగు ఆకుల్లో మొదలై ఆకంతా ఒకే తీరుగా పాకుతుంది. ఇనుము, జింకు లోపాల గుర్తులు వేరు.

వరిలో ఈ రెండు లోపాలూ వచ్చే చోట్లు కూడా వేరు. ఇనుము లోపం ఎక్కువగా నీరు నిలపని మెట్ట నారుమడిలో, నేరుగా విత్తిన పొడి చేలో వస్తుంది. నల్లరేగడిలో ఇనుము లేక కాదు, అది తుప్పు రూపంలో బిగుసుకుని ఉండి వేరుకు అందదు. మడిలో నీరు నిలిస్తే మట్టిలో గాలి తగ్గి, ఆ తుప్పు కరిగే రూపంలోకి మారుతుంది. అందుకే నాటు వేసి నీళ్లు పెట్టిన మడిలో ఇనుము లోపం అరుదు. జింకు సంగతి దీనికి తలకిందులు. నీళ్లు నిలిచిన కొద్దీ మట్టిలోని జింకు కరగని రూపాల్లో చిక్కుకుంటుంది. కాబట్టి నారుమడిలో బాగున్న నారు, నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో జింకు లోపం చూపిస్తుంది.

నారుమడిలో ఇనుము లోపముంటే పైన కొత్తగా విచ్చే ఆకు ముందు పాలిపోతుంది. ఈనెలు కొంతకాలం ఆకుపచ్చగా ఉంటాయి, వాటి నడుమ పసుపు గీతలు తేలుతాయి. ముదిరితే ఆకంతా కాగితంలా తెల్లబడుతుంది. అడుగు ఆకులు మాత్రం మామూలుగానే ఉంటాయి, ఎందుకంటే పాత ఆకులోని ఇనుము కొత్త ఆకుకు తరలి రాదు. మొదటి మందు నీళ్లే. నారుమడిని తడిపి కొన్నాళ్లు నీరు నిలపగలిగితే చాలాసార్లు అదే సరిపోతుంది. నీళ్లు లేకపోతే అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, పిచికారీ చేయాలి.

అన్నభేది కొనేటప్పుడు రంగు చూడండి. లేత ఆకుపచ్చ పలుకులు మంచివి. గోధుమరంగుకు తిరిగినదంటే గాలికి తుప్పు పట్టినట్టే, నీళ్లలో కలిపినా ఆకుకు పనికిరాదు. 16 లీటర్ల ట్యాంకుకు నీళ్లలో ముందు 16 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాత 160 గ్రాముల అన్నభేది కలపాలి. అంటే లీటరుకు 1 గ్రాము, 10 గ్రాములు. ఈ వరుస తప్పకూడదు. బావి నీళ్లు ఉప్పదనం, సున్నం ఉన్నవైతే అన్నభేది వాటిలో పడీ పడగానే గోధుమరంగు మడ్డిగా మారుతుంది. నిమ్మ ఉప్పు నీళ్లలో పులుపును కాపాడి ఇనుమును కరిగి ఉండేలా పట్టి ఉంచుతుంది. కలిపిన మందు ఆ రోజే వాడాలి. వారం వ్యవధిలో రెండు మూడు సార్లు కొట్టాలి. కొత్తాకు తేరుకోకపోతే మోతాదును లీటరుకు 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు వరకు పెంచవచ్చు. అంతకంటే ముందు ఒక మూల కొన్ని మొక్కల మీద కొట్టి రెండు రోజులు చూడాలి, లేత నారు ఆకు కొనలు మాడే ప్రమాదముంది.

ఇప్పుడు నాటిన మడి. ఒక ఎకరం తీసుకుందాం. నాటి 18 రోజులైంది, మడి అంతా కాదు, రెండు చోట్ల గుంపులుగా పైరు ఎదగలేదు. ఆ చోట్లు ఏవో ముందు చూడాలి. బ్లేడుతో చదును చేసినప్పుడు పై మట్టి పోయి అడుగు మట్టి బయటపడ్డ చోటు, లేదా నీళ్లు తీయకుండా ఎప్పుడూ నిలిచే పల్లం అయితే అనుమానం జింకు మీదికే పోవాలి. ఒక మొక్కను దగ్గరగా చూస్తే లేతాకు మొదట్లో నడిమి ఈనె తెల్లబడి ఉంటుంది. పైనుంచి మూడో, నాలుగో ఆకుల మీద తుప్పురంగు చుక్కలు కలిసి మచ్చలవుతాయి. ఆకు మధ్యకు వంచితే పెళుసుగా విరుగుతుంది. పిలకలు తక్కువ. ఉత్తరాన పంత్‌నగర్‌లో 1966లో వై.ఎల్. నెనె దీన్నే 'ఖైరా' తెగులుగా గుర్తించి, అది క్రిమి వల్ల కాదు, జింకు లేమి వల్ల అని తేల్చారు.

ముందు మడిలో నీళ్లు తీసేసి రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. తర్వాత జింక్ సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు, ట్యాంకుకు 32 గ్రాములు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు పడితే 400 గ్రాములు. ఇది 21 శాతం జింకు ఉన్న సంచి లెక్క. సంచి మీద 33 శాతం అని ఉంటే ట్యాంకుకు 20 గ్రాములు చాలు. ఐదారు రోజుల తేడాతో రెండు మూడు సార్లు, సాయంత్రం పూట. దీనిలో డీఏపీ గానీ 19-19-19 గానీ కలపకూడదు. భాస్వరం జింకును పట్టి తెల్లటి మడ్డిగా కింద కూర్చుంటుంది, పురుగుమందునూ వేరుగా కొట్టడం మేలు. పది రోజులకు ఏం చూడాలో ముందే తెలుసుకోవాలి. తుప్పుపడ్డ ఆకు మళ్లీ ఆకుపచ్చగా మారదు. కొత్తగా వచ్చే ఆకు మొదలు ఆకుపచ్చగా ఉందా, కొత్త పిలకలు వస్తున్నాయా అనేదే లెక్క. మరో మాట: పిచికారీ ఈ పంటను నిలబెడుతుంది, మడిని మార్చదు. వచ్చే పంటకు ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ చల్లాలి, భాస్వరం ఎరువుకు మూడు రోజుల ఎడం ఉంచి.

నాగపూర్ సంత్రా, నిమ్మ తోటల్లో చిక్కు ఎక్కువ. జింకు, ఇనుము రెండూ లేతాకులోనే కనిపిస్తాయి. ఆకును వెలుగుకు పట్టి చూడాలి. జింకు లోపమైతే ఆకు చిన్నదిగా, సన్నగా, కొన తేలి నిటారుగా ఉంటుంది. నడిమి ఈనె, పక్క ఈనెల వెంట ఆకుపచ్చ పట్టీలు, నడుమ కొట్టొచ్చే పసుపు. కణుపుల మధ్య దూరం తగ్గి ఆకులు గుత్తిలా చేరతాయి. ఇనుము లోపంలో ఆకు సైజు పెద్దగా తగ్గదు. పలుచని పాలిపోయిన ఆకు మీద సన్నని ఆకుపచ్చ జాలంలా ఒక్కో ఈనె కనిపిస్తుంది. ఎండ ఎక్కువ తగిలే దక్షిణం వైపు కొమ్మల్లో జింకు గుర్తులు ముదురుగా ఉంటాయి, చూడటం అక్కడ మొదలుపెట్టండి.

సంత్రాకు జింకు మోతాదు వరి కంటే ఎక్కువ: లీటరుకు 5 గ్రాములు. ఒట్టిగా కొడితే ఆకు మాడుతుంది కాబట్టి 2.5 గ్రాముల తడి సున్నం కలపాలి. ట్యాంకులో 80 గ్రాముల జింక్ సల్ఫేట్ ముందు కరిగించి, 40 గ్రాముల సున్నాన్ని వేరే బకెట్లో కలిపి గుడ్డలో వడకట్టి నెమ్మదిగా పోయాలి. వడకట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది. కొత్త చిగురు మూడింట రెండు వంతులు విచ్చుకుని, ఇంకా ముదరకముందు కొట్టాలి. జూన్-జులై మృగ్ బహార్ చిగురుకూ, జనవరి-ఫిబ్రవరి అంబియా బహార్ చిగురుకూ అదే సమయం.

ఇనుముకు సున్నం కలపవద్దు, అన్నభేది తుప్పై పోతుంది. నిమ్మ ఉప్పుతోనే వేరే రోజు కొట్టాలి. సంత్రా ఆకు మీద ఇనుము పిచికారీకి ఉన్న పెద్ద పరిమితి వారం తర్వాత కంటికే కనిపిస్తుంది: చుక్క పడిన చోట ఆకుపచ్చ, పడని చోట పసుపు. ఆకులో పడ్డ ఇనుము పక్కకు కూడా పాకదు, తర్వాతి చిగురుకు అసలే చేరదు. అందుకే చిగురు చిగురుకూ పసుపు తిరిగి వస్తుంటే కాలువ తీసి పాదులో నీరు నిలవకుండా చూడాలి. నీటి తడులను కూడా తగ్గించాలి, వరిలా కాదు, తడిసి ఊపిరాడని సున్నపు మట్టిలో సంత్రా వేరు ఇనుమును తీసుకోలేదు. వేరుకు మందు పెట్టాలంటే పెట్టె మీద EDDHA అని ఉన్న ఇనుము కావాలి. EDTA అని ఉన్నది సున్నపు నల్లరేగడిలో ఇనుమును ఎక్కువ కాలం పట్టి ఉంచలేదు.