గంటస్తంభం ఫొటోలో 👌: గొడవ అసలు ఎక్కడ మొదలైంది?

విజయనగరంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో నాలుగు గోడల మధ్య నడుస్తున్న తగాదా ఇప్పుడు ఫేస్‌బుక్‌కి ఎక్కింది. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఒక అమెరికా కంపెనీకి ఎంపికైన కుర్రాళ్ళు గంటస్తంభం ముందు నిలబడి ఫొటో దిగారు. ఒక చేతిలో ఆఫర్ లెటర్, రెండో చేత్తో బొటనవేలూ చూపుడువేలూ కలిపిన సున్నా. కింద అభినందనలు కూడా అదే 👌 గుర్తుతో వరసపెట్టి వచ్చాయి. ఒహాయోలో ఉద్యోగం చేస్తున్న సీనియర్ ఒకతను మాత్రం "దీన్ని లింక్డ్‌ఇన్‌లో పెట్టకండి, పెట్టుంటే వెంటనే తీసేయండి" అన్నాడు. అక్కడ అది తెల్లజాతి దురహంకారుల గుర్తుగా చెలామణీ అవుతోందని అతని మాట. కుర్రాళ్ళలో ఒకడి మేనమామ బొబ్బిలి నుంచి జవాబిచ్చారు: "ఏటయిపోనాదిప్పుడు బావూ, సూపరనే కదా పెట్టినారు?"

ఈ గ్రూపులో ఇది మొదటిసారి కాదు. సోంపేట వైపు నుంచి గల్ఫ్ వెళ్ళిన సైట్ ఇంజినీరు ఒకతను, క్రేన్ దగ్గరున్న అరబ్ పనివాడికి దూరం నుంచే "బాగుంది, కానీ" అన్నట్టు చెయ్యి ఆడిస్తూ ఈ సైగ చేశాడట. అతను కోపంగా మీదికి వచ్చాడట. అప్పట్లో దాన్ని నవ్వుకుని వదిలేశారు. ఇప్పుడు మళ్ళీ తవ్వి తీసి, "చూశారా, ఒక్కో దేశంలో ఒక్కోటి, దీనికి అంతేముంది" అంటున్నారు. ఈ రెండు సంగతుల్నీ ఒకే గాటన కట్టడం దగ్గరే వాదన దారి తప్పిందని నాకనిపిస్తోంది.

ఈ సైగతో చెప్పే ఓకే అన్న మాట పుట్టుక గురించి చాలామంది చాలాసార్లు రాశారు, వదిలేద్దాం. సాలిహుండం, రామతీర్థం కొండల పేర్లు చెప్పి, ఇది బౌద్ధంలో బోధ చేసే వితర్క ముద్ర అనీ, మనదే అనీ ఒకాయన పెద్ద పోస్టు పెట్టారు. వేళ్ళ పోలిక నిజమే. ఒహాయోలో ఆఫర్ లెటర్లు చూసే మనిషికి దానితో పనిలేదు.

దేశాన్ని బట్టి అర్థం మారడం పాత సంగతే. ఫ్రాన్స్‌లో ఈ సున్నాకి పనికిరానిది అనే అర్థం ఉంది. జపాన్‌లో డబ్బు, అంటే నాణెం ఆకారం. బ్రెజిల్‌లో పచ్చి బూతు. టర్కీలో స్వలింగ సంపర్కులైన మగవాళ్ళని కించపరిచే సైగ. కొన్ని అరబ్ దేశాల్లో చెయ్యి ఆడిస్తూ చూపిస్తే "నీ సంగతి చూస్తా" అని బెదిరించినట్టు. అమెరికా బధిరుల సంజ్ఞాభాషలో 9 అంకె. నీళ్ళలోకి దిగే స్కూబా డైవర్లకైతే "నేను క్షేమం" అని చెప్పే తప్పనిసరి సైగ ఇదే. మనం బాగుందనడానికి ఎత్తే బొటనవేలు చూపిస్తే వాళ్ళు పైకి పోదామంటున్నాడని అనుకుంటారు.

వీటిలో చాలావాటిని చేతి తీరును బట్టి పోల్చుకోవచ్చు. జపాన్‌లో డబ్బు అనాలంటే అరచెయ్యి పైకి తిప్పుతారు. అరబ్బుల బెదిరింపులో చెయ్యి ఊగుతుంది. పక్కన మొహం కూడా ఉంటుంది, నవ్వుతున్నాడో పళ్ళు కొరుకుతున్నాడో తెలుస్తుంది. సోంపేట ఇంజినీరు చెయ్యి ఆడించడమే చిక్కు తెచ్చింది. ఎమోజీకి వచ్చేసరికి ఇవేవీ ఉండవు. ఫోన్లూ కంప్యూటర్లూ పాటించే అక్షరాల పట్టిక యూనికోడ్. 2010లో దాని 6.0 కూర్పు ఈ సైగకి U+1F44C అనే నంబరూ OK HAND SIGN అనే పేరూ ఇచ్చి చేర్చుకుంది. అప్పట్నుంచి ఫోన్‌లో ఒకటే బొమ్మ: మూడు వేళ్ళు నిలువుగా, రెండు వేళ్ళు గుండ్రంగా. ఊపూ లేదు, తిప్పడమూ లేదు, మొహమూ లేదు. దాన్ని ఎవరు ఎలా చదువుకోవాలన్నది పక్కనున్న మాటల మీద పడింది.

ఈ ఖాళీని వాడుకున్నది 2017 ఫిబ్రవరిలో. నా లెక్కలో ఇవాళ్టి గొడవకి అసలు మూలం అక్కడుంది.

4chan అనే అమెరికా చర్చావేదికలో ఎవరూ పేరు పెట్టుకోరు. అక్కడ కొందరు ఒక పథకం వేశారు. చేతిలో నిలబడిన మూడు వేళ్ళు ఇంగ్లీషు డబ్ల్యూ, సున్నాతో పాటు కిందికి వచ్చే మణికట్టు పీ, రెండూ కలిపితే వైట్ పవర్ అని బాణాలు గీసిన బొమ్మ ఒకటి తయారుచేశారు. దొంగ ఖాతాలు తెరిచి ట్విట్టర్ నిండా ఇది జాత్యహంకార గుర్తని ఆరోపణలు నింపమని తమవాళ్ళకి చెప్పారు. ఎవరినో ద్వేషించడం కంటే ఉదారవాదులు, పత్రికలవాళ్ళు దీన్ని నమ్మి కంగారుపడితే నవ్వుకోవడమే పైకి చెప్పిన లక్ష్యం. ఈ పథకం తెలివంతా ఇక్కడుంది: దాన్ని ఖండించిన ప్రతివాడూ దాన్నే ప్రచారం చేసినట్టు. నమ్మనివాడు "సూపర్ అంటే కూడా తప్పేనా" అని ఎగతాళి చేస్తాడు, దాంతో నమ్మినవాడి పరువు పోతుంది. ఎటు పోయినా గెలుపు వాళ్ళదే.

మొదట్లో ఇది అబద్ధమేనని గట్టిగా చెప్పినవాళ్ళలో యాంటీ డిఫమేషన్ లీగ్ ఉంది. యూదు వ్యతిరేకత మీదా ద్వేష సంకేతాల మీదా ఏళ్ళ తరబడి నిఘా పెట్టిన అమెరికా సంస్థ అది. 2017లోనే, ఇది ఆకతాయిల పన్నాగం, భయపడకండి అంది. ఆకతాయితనం ముదిరింది. నిజమైన తెల్లజాతి దురహంకారులు కెమెరా కనిపిస్తే చాలు, నవ్వుతూ ఈ సైగ పెట్టడం మొదలెట్టారు. దొరికితే "అబ్బే, జోకు" అనొచ్చు. తమవాళ్ళకి మాత్రం అర్థమవుతుంది. 2019 మార్చి 15న న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల మీద కాల్పులు జరిపిన హంతకుడు మర్నాడు కోర్టులో సంకెళ్ళ చేతులతోనే ఈ సైగ చేశాడు. ఆ దాడిలో చనిపోయినవాళ్ళు 51 మంది. ఇక జోకు అనడానికి చోటు మిగల్లేదు. అదే ఏడాది సెప్టెంబరులో లీగ్ తన ద్వేష సంకేతాల జాబితాలో దీన్ని చేర్చింది. చేరుస్తూనే, ఇప్పటికీ ఎక్కువమంది దీన్ని సరే, బాగుంది అనే అర్థంలోనే వాడుతున్నారనీ, వేరే ఆధారం లేకుండా ఎవరినీ వేలెత్తి చూపొద్దనీ రాసింది. ఈ రెండో వాక్యం మన గ్రూపులో ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

ఒహాయో సీనియర్ వాదన ఇక్కడ అర్థమవుతుంది. ఆ కుర్రాళ్ళు జాత్యహంకారులని అతను అనలేదు. "మా ఆఫీసులో గ్రూపు ఫొటో అంటే ముందే చేతులు దించమంటారు. చూసేవాడికి మీరు విజయనగరం వాళ్ళని తెలియదు. వాడికి తెలిసేది వేళ్ళే" అన్నాడు. తను వీసా మీదున్న మనిషి. ఆరోపణ వచ్చాక సంజాయిషీ ఇచ్చుకునే తీరిక అక్కడ దొరకదని అతని భయం. పైగా అతను ఫొటోలో ఎర్రగీతతో సున్నా చుట్టి చూపించింది ఎడమ నుంచి మూడో కుర్రాడి చెయ్యి. మిగతావాళ్ళందరివీ గుండె దగ్గర ఉన్నాయి. ఇతని మోచేతికి సంచీ వేలాడుతున్నందుకు చెయ్యి తొడ దాకా దిగిపోయింది.

నడుం కిందికి దిగిన సున్నాకి వేరే కథ ఉంది. అమెరికా కుర్రాళ్ళు ఆడుకునే ఆట అది. నడుం కింద వేళ్ళతో సున్నా పెట్టాలి, అవతలివాడు దాన్ని చూశాడా, భుజం మీద ఒక గుద్దు. 2019 డిసెంబరు 14న అమెరికా సైనిక, నౌకాదళ అకాడమీల ఫుట్‌బాల్ మ్యాచ్ ముందు టీవీ కెమెరాకి కొందరు విద్యార్థులు ఇలాగే చెయ్యి పెట్టారు. దేశమంతా గగ్గోలు. రెండు అకాడమీలూ విచారణ జరిపి, వారం తిరక్కుండానే అది ఆ గుద్దులాటే తప్ప జాతి ద్వేషం కాదని తేల్చాయి. ఎవరూ దురుద్దేశంతో చెయ్యలేదని తేలినా ఆ కుర్రాళ్ళు విచారణ దాకా వెళ్ళాల్సి వచ్చింది. సీనియర్ చెబుతున్నది సరిగ్గా ఈ సంగతే.

మేనమామగారి పక్షాన చెప్పుకోదగ్గ ఉదాహరణ కూడా ఉంది, అది అంకెల గొడవ. 2021 ఏప్రిల్‌లో జెపర్డీ అనే అమెరికా క్విజ్ కార్యక్రమంలో వరసగా గెలుస్తున్న పోటీదారు ఒకతను, మొదటి ఆట గెలిచాక ఒక వేలు, రెండోది గెలిచాక రెండు వేళ్ళు చూపించాడు. మూడోసారి మూడు వేళ్ళు నిలిపి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండెకి ఆనించాడు. మూడు లెక్క చూపడానికి చాలామంది చెయ్యి అలాగే మడుస్తారు. వందలమంది పాత పోటీదారులు అతని మీద బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. యాంటీ డిఫమేషన్ లీగ్‌ని అడిగితే, అది మూడు అంకె మాత్రమే అంది. సంతకాలు చేసినవాళ్ళు చదువుకున్నవాళ్ళు, క్విజ్ గెలిచే తెలివున్నవాళ్ళు. ముందు రెండు ఎపిసోడ్లు చూసి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటే సరిపోయేది. కొత్త గుర్తులోకి పాత అనుమానం దూరితే ఆ లెక్క కూడా కనపడదు.

ఫొటో సంగతి అలా ఉంచి, ఎమోజీగా వచ్చినప్పుడు దురుద్దేశాన్ని పట్టుకోవాలంటే పక్కన ఏముందో చూడాలి. 2017లో ఆ మూకలు ట్విట్టర్ పేర్ల పక్కన 👌తో పాటు కప్ప బొమ్మ, పాలగ్లాసు పెట్టుకునేవి. కప్ప వాళ్ళ కార్టూన్ బొమ్మకి గుర్తు, పాలు తెల్లతనానికి. అలాంటి జత ఉంటే అనుమానించొచ్చు. "పెళ్ళి భోజనం 👌" అన్నదాంట్లో వెతికినా ఏమీ దొరకదు. మనవాళ్ళకి నిజంగా ప్రమాదం తెచ్చేది ఇంకో జత, 👉👌. ఇది ఇంటర్నెట్ అంతటా సెక్స్‌కి గుర్తు. "ఇటు చూడండి, సూపర్" అనుకుని ఫ్యామిలీ గ్రూపుల్లో పెట్టే పెద్దవాళ్ళున్నారు. దీన్ని జాతి గొడవతో కలిపి చూడక్కర్లేదు, పిల్లలు నోరు నొక్కుకుని నవ్వుకుంటారంతే.

ఇక ఫొటో విషయంలో రాజీ కుదిరింది. లింక్డ్‌ఇన్‌లో పెట్టేది నడుం దగ్గర కత్తిరించారు, గ్రూపులో మాత్రం మొత్తం ఫొటో ఉంది. మేనమామగారికి ఇది కూడా నచ్చలేదు.

ఆయన చివరగా అడిగింది మంచి ప్రశ్నే: అంత చెడ్డదైతే వాట్సాప్‌వాళ్ళు దాన్ని తీసెయ్యొచ్చు కదా? వాట్సాప్‌లో మెసేజీకి రియాక్షన్ పెట్టే సౌకర్యం 2022 మేలో వచ్చినప్పుడు ఇచ్చిన ఆరు బొమ్మల్లో 👌 లేదు. జులైలో అన్ని ఎమోజీలూ వాడుకోనిచ్చారు, అప్పుడిదీ వచ్చింది. యూనికోడ్ నుంచి తీయించడం కుదరదు. ఒకసారి పట్టికలో చేరిన అక్షరాన్ని తొలగించరు, ఎందుకంటే పాత మెసేజీలు చదవడానికి వీల్లేకుండా పోతాయి. దాని పేరు కూడా మార్చరు. ఫోన్ కంపెనీలు బొమ్మ గీత మార్చుకోవచ్చు. 2016లో ఆపిల్ తుపాకీ ఎమోజీని నీళ్ళ పిస్తోలుగా గీసింది, తర్వాత మిగతా కంపెనీలూ దాని వెనకే నడిచాయి. తుపాకీకి అలా కుదిరింది. గుండ్రంగా కలిపిన రెండు వేళ్ళని మార్చి గీస్తే అది ఇంకో సైగ అయిపోతుంది.