A పెరిగితే ఎలక్ట్రాన్ శక్తి పెరుగుతుందా? నార్మలైజేషన్‌పై అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు క్వాంటమ్ మెకానిక్స్ చెప్పేటప్పుడు పెట్టెలో ఎలక్ట్రాన్ లెక్కతోనే మొదలుపెడతాను. పెట్టె పొడవు L. రెండు చివరలా ఎలక్ట్రాన్ దాటలేని గోడలు. అన్నిటికంటే తక్కువ శక్తి ఉన్న స్థితికి ష్రోడింగర్ సమీకరణం ఇచ్చే తరంగ ప్రమేయం ఇది:

ψ = A sin(πx/L)

ఇందులో A ఎంతో ఆ సమీకరణం చెప్పదు. దాన్ని తేల్చే పనినే నార్మలైజేషన్ అంటాం. అపోహలు అక్కడే పుడతాయి.

అపోహ: A పెద్దదైతే ఎలక్ట్రాన్ శక్తి ఎక్కువ.

వీణ తీగను గట్టిగా మీటితే ఎక్కువ ఊగుతుంది, శక్తీ ఎక్కువే. అందుకే ఇలా అనిపించడం సహజం. కానీ ష్రోడింగర్ సమీకరణంలో ప్రతి పదంలోనూ ψ ఉంటుంది కాబట్టి A కొట్టుకుపోతుంది. ఈ స్థితి శక్తి h²/8mL². h ప్లాంక్ స్థిరాంకం, m ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి. ఇందులో A లేనే లేదు.

అపోహ: నార్మలైజేషన్ పరీక్షలో మార్కుల కోసం వేసే ఒక స్టెప్పు మాత్రమే.

ఇది చాలామందిలో ఉంది, దీని గురించే కాస్త ఎక్కువ చెప్పాలి. ఎలక్ట్రాన్ ఒకచోట దొరికే సంభావ్యతను |ψ|² నుంచి లెక్కించాలని 1926లో మాక్స్ బోర్న్ చెప్పాడు. ఎలక్ట్రాన్ పెట్టెలో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. కాబట్టి మొత్తం సంభావ్యత 1 కావాలి.

L = 0.5 నానోమీటర్లు అనుకుందాం. A = 1 అని ఊరుకుంటే, పెట్టె అంతటా |ψ|² సమాకలనం 0.25 నానోమీటర్లు వస్తుంది. సంభావ్యతకు నానోమీటర్లేమిటి? ఏదో మిగిలిపోయిందని ఆ ప్రమాణమే చెబుతోంది. మధ్య మూడో వంతుకు అదే సమాకలనం చేస్తే దాదాపు 0.152 వస్తుంది. దాన్ని 0.25తో భాగిస్తే 0.61. అంటే ఎలక్ట్రాన్ అక్కడ దొరికే అవకాశం 61 శాతం. ఈ భాగహారాన్ని ప్రతిసారీ చేయకుండా ముందే ఒకసారి చేసేయడమే నార్మలైజేషన్. A²L/2 = 1 కాబట్టి A = √(2/L).

అపోహ: A² అంటే సంభావ్యత.

మన పెట్టెలో A² = 2/0.5, అంటే నానోమీటరుకు 4. సంభావ్యత 1 దాటదు కదా! ఇది పెట్టె నడిమధ్యన ఉండే సంభావ్యతా సాంద్రత. అక్కడ 0.01 నానోమీటరు వెడల్పున్న ముక్క తీసుకుంటే, ఎలక్ట్రాన్ అందులో దొరికే సంభావ్యత సుమారు 0.04. పెట్టె పొడవు రెట్టింపు చేస్తే A² సగమవుతుంది. ఉన్నది అదే ఒక్క ఎలక్ట్రాన్, పరుచుకునే చోటు పెరిగింది, అందుకే ఎక్కడికక్కడ పలచబడింది. A చెప్పే భౌతిక విషయం ఇదే.

అపోహ: ఏ తరంగ ప్రమేయాన్నైనా నార్మలైజ్ చేయవచ్చు.

అనంత దూరం ఒకేలా సాగే e^(ikx)కి |ψ|² అన్నిచోట్లా 1 ఉంటుంది. సమాకలనం అనంతం, ఏ A వేసినా 1కి రాదు. అందుకే ఆ తరంగం ఒంటరిగా నిజమైన ఎలక్ట్రాన్ స్థితి కాలేదు. అలాంటి తరంగాలను చాలా కలిపి, కొంత మేరకే పరిమితమైన తరంగ ప్యాకెట్ తయారు చేసుకుంటాం. దానికి A దొరుకుతుంది.