క్రియాటిన్ వాడుతున్నవారి రిపోర్టులో క్రియాటినిన్ పెరిగితే: అపోహలు, వాస్తవాలు

కిడ్నీ డాక్టర్ల ఓపీకి ఈమధ్య ఒక కొత్త రకం పేషెంట్లు వస్తున్నారు. వయసు పాతికకు అటూ ఇటూ, కండలు తిరిగిన ఒళ్ళు, ఏ బాధా లేదు. చేతిలో హెల్త్ చెకప్ రిపోర్టు, అందులో క్రియాటినిన్ పక్కన ఎర్రటి గుర్తు. వెనకాల కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ అమ్మ. "పౌడర్లు వద్దురా అంటే విన్నాడు కాదు డాక్టర్ గారూ, ఇప్పుడు డయాలసిస్ దాకా వచ్చింది" అంటుంది. ఆ పౌడర్ చాలాసార్లు క్రియాటినే, కండలూ బలమూ పెంచుకోవడానికి జిమ్ కుర్రాళ్ళు తాగేది.

అపోహ: క్రియాటినిన్ పెరిగిందంటే కిడ్నీ పనితనం తగ్గినట్టే.

క్రియాటినిన్ అంటే కండరాల్లోని క్రియాటిన్ నుంచి తయారై, కిడ్నీలు మూత్రంలో బయటికి పంపే వ్యర్థం. రక్తంలో అది ఎంత ఉందనేది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒంట్లో రోజూ ఎంత తయారవుతోంది, కిడ్నీలు ఎంత బయటికి పంపుతున్నాయి. నీళ్ళ ట్యాంకులో మట్టం పెరిగితే కింది పైపు పూడుకుపోయి ఉండొచ్చు, లేదా పైన కుళాయి ఎక్కువ తిప్పి ఉండొచ్చు. మట్టం ఒక్కటే చూసి ఏది కారణమో చెప్పలేం.

క్రియాటిన్ విషయంలో ఆ కుళాయి ఎంత తిరిగిందో లెక్క కట్టొచ్చు. 70 కిలోల మగవాడి ఒంట్లో సుమారు 120 గ్రాముల క్రియాటిన్ ఉంటుంది, దాదాపు అంతా కండరాల్లోనే. అందులో రోజుకు 1.7 శాతం దానంతట అదే క్రియాటినిన్‌గా మారిపోతుంది. అంటే రోజుకు సుమారు 2 గ్రాములు. దీన్ని ఆపడం, తగ్గించడం మన చేతిలో లేదు. ఇప్పుడు ఆయన రోజుకు 5 గ్రాముల చొప్పున పౌడర్ తాగితే కొన్ని వారాల్లో కండరాల్లో నిల్వ 20 శాతం దాకా పెరగొచ్చు, కొందరిలో ఇంకాస్త ఎక్కువ కూడా. నిల్వ 144 గ్రాములైతే తయారయ్యే క్రియాటినిన్ కూడా 2.4 గ్రాములవుతుంది. కిడ్నీలు ఎప్పటిలాగే పనిచేస్తున్నా రక్తంలో మట్టం అదే నిష్పత్తిలో పెరిగి, 1.1 ఉన్నది 1.3 దగ్గర నిలుస్తుంది. కిడ్నీకి ఏమీ కాలేదు, దానికి వచ్చే సరుకే పెరిగింది.

అపోహ: రిపోర్టులో, కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ 71 అని ఉంది, అది కొలిచిన సంఖ్యే కదా.

కాదు. ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ అపోహే. ల్యాబ్ వాళ్ళు కొలిచేది క్రియాటినిన్ మాత్రమే. దానికి మీ వయసు, మీరు ఆడా మగా అన్నది చేర్చి ఒక ఫార్ములాలో వేస్తే ఈజీఎఫ్ఆర్ వస్తుంది. ఆ ఫార్ములాకు మీ కండల సంగతి తెలియదు, మీరు తాగే పౌడర్ సంగతి అసలే తెలియదు. అందరిలోనూ మామూలు మోతాదులోనే క్రియాటినిన్ తయారవుతుందని అనుకుని లెక్క కడుతుంది.

26 ఏళ్ళ కుర్రాణ్ణి తీసుకుందాం. ఉద్యోగంలో చేరినప్పుడు చేసిన టెస్టులో క్రియాటినిన్ 1.1. ఇప్పుడు చాలా ల్యాబులు వాడే 2021 ఫార్ములా ప్రకారం ఈజీఎఫ్ఆర్ 95. తర్వాత జిమ్‌లో చేరి, ఆరు నెలలుగా రోజూ క్రియాటిన్ తాగుతున్నాడు. ఈసారి క్రియాటినిన్ 1.4 వచ్చింది, ఈజీఎఫ్ఆర్ 71కి దిగింది. 1.3 దాకా పౌడరే తేగలదని పైన చూశాం. మిగతా 0.1కి కారణం ఎక్కడో వెతకనక్కర్లేదు. కండలు పెరిగాయి, ముందురోజు రాత్రి మటన్ బిర్యానీ తిన్నాడు (ఉడికిన మాంసంలో క్రియాటినిన్ నేరుగా ఉంటుంది), పొద్దున్నే వర్కౌట్ చేసి అటునుంచి అటే ల్యాబ్‌కి వెళ్ళాడు.

ఇదంతా మన లెక్క. నిజమో కాదో తేల్చడానికి సిస్టాటిన్ సి అనే రక్త పరీక్ష ఉంది. ఇది దాదాపు ఒంట్లోని కణాలన్నీ తయారుచేసే చిన్న ప్రొటీన్. కండలతో, క్రియాటిన్‌తో దీనికి పెద్దగా పని లేదు. ఈ కుర్రాడికి సిస్టాటిన్ సి 0.85 వస్తే దాని ఫార్ములాలో ఈజీఎఫ్ఆర్ 111. అప్పుడు 71ని పక్కన పెట్టేయొచ్చు. అదే 1.2 వస్తే మాత్రం పౌడర్ మీద నెపం వేసి ఊరుకోకూడదు. థైరాయిడ్ తేడాలు, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఈ పరీక్షను కూడా తప్పుదోవ పట్టిస్తాయి కాబట్టి అవి ఉన్నాయేమో అడగాలి. చిన్న ఊళ్ళలో శాంపిల్ సిటీకి పంపాల్సి వస్తుంది, ఖర్చూ ఎక్కువే. అయినా ఇలాంటి కేసులో ఐదారు స్కానింగుల కంటే ఇదొక్కటే ఉపయోగం.

అపోహ: పౌడర్ ఆపి నాలుగు రోజులాగి టెస్ట్ చేయిస్తే నిజం తెలిసిపోతుంది.

నాలుగు రోజుల్లో కండరాల్లో నిల్వ ఖాళీ కాదు. మామూలు స్థాయికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొందరపడి టెస్ట్ చేయించి "ఆపినా తగ్గలేదు, అయితే జబ్బే" అని బెంబేలెత్తేవాళ్ళను చూస్తుంటాం. నెలా పదిహేను రోజులు ఆగండి. టెస్టుకు ముందు రెండు రోజులు బరువులు ఎత్తకుండా, ముందురోజు రాత్రి మాంసం తినకుండా, అదే ల్యాబ్‌లో ఇవ్వండి. 1.1 దగ్గరికి వస్తే విషయం తేలినట్టే.

అపోహ: క్రియాటిన్ కిడ్నీని పాడు చేస్తుందని ఎప్పుడో రుజువైంది.

ఈ భయానికి ఒక మూలం 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక కేసు. క్రియాటిన్ మొదలుపెట్టాక పాతికేళ్ళ వ్యక్తి కిడ్నీ పనితనం తగ్గిందని, ఆపాక కోలుకుందని రాశారు. కానీ అతనికి అప్పటికే ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు ఉంది, కిడ్నీ మీద ప్రభావం చూపగల సైక్లోస్పోరిన్ అనే మందు కూడా వాడుతున్నాడు. దీనికి భిన్నంగా 2010లో బ్రెజిల్ పరిశోధకులు ఒకే కిడ్నీ ఉన్న 20 ఏళ్ళ కుర్రాడికి రోజుకు 20 గ్రాములతో మొదలుపెట్టి, ఐదు రోజుల తర్వాత 5 గ్రాములకు తగ్గించి, మొత్తం నెల పైన ఇచ్చారు. రక్తంలో క్రియాటినిన్ పెరిగింది. ఫార్ములాలతో పని లేకుండా, రేడియోధార్మిక పదార్థం ఎక్కించి వడపోతను నేరుగా కొలిస్తే మాత్రం ముందు సుమారు 82, తర్వాత కూడా సుమారు 82. ఒక్క మనిషి మీద, తక్కువ కాలం చేసిన పరిశీలన ఇది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు దీన్ని లైసెన్సుగా నేను తీసుకోను, వాళ్ళకు క్రియాటిన్ వద్దనే చెబుతాను.

అపోహ: క్రియాటిన్ తాగుతున్నా కాబట్టి ఎంత పెరిగినా అదే కారణం.

ఇది పై అపోహలన్నిటికంటే ప్రమాదం. నిల్వ పెరగడానికి ఒక హద్దుంది కాబట్టి క్రియాటినిన్ పెరగడానికీ హద్దుంది. 1.1 ఉన్నది 2.2 అయితే క్రియాటిన్ ఒక్కటే కారణం కాలేదు. పొటాషియం పెరిగినా, బీపీ ఎక్కువున్నా, కాళ్ళు వాచినా, మూత్రంలో రక్త కణాలు కనిపించినా అంతే. విపరీతంగా వర్కౌట్ చేశాక మూత్రం కోలా రంగులో వస్తే కండరాలు చితికి ఉండొచ్చు, ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్ళి, కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీపీకే రక్త పరీక్ష చేయించుకోవాలి. జిమ్ నొప్పులకని రోజూ డైక్లోఫెనాక్ మింగేవాళ్ళూ ఉన్నారు. నా అనుమానం ఎప్పుడూ పౌడర్ డబ్బా కంటే ముందు ఆ మాత్రల మీదికే పోతుంది.

మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అని కూడా చూస్తాం. ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి 30 లోపు ఉంటే మంచిదే. కానీ మూత్రంలో క్రియాటినిన్ ఎక్కువ పోయేవాళ్ళలో ఆ నిష్పత్తి ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి. పైగా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. క్రియాటినిన్ మాత్రం మెల్లగా పెరుగుతుంది. ఆ ప్రాంతం కుర్రాడు క్రియాటిన్ వాడుతూ 1.4తో వస్తే, మూత్రం బాగుందని పంపించేయను. పౌడర్ ఆపించి, సిస్టాటిన్ సి చేయించి, ఆరు వారాల తర్వాత మళ్ళీ రమ్మంటాను.