నీళ్ళు కూడా లేకపోతే అగ్నిహోత్రం దేనితో?

ఉపనిషత్తులు యజ్ఞం మీద తిరుగుబాటు అవునా కాదా అన్న తగువు మళ్ళీ మొదలైంది. ఒక పక్షం ముండకోపనిషత్తులోని ‘ప్లవా హ్యేతే అదృఢా యజ్ఞరూపాః’ అన్న మంత్రం పట్టుకుంది. యజ్ఞాలు ఒడ్డు చేర్చలేని తెప్పలని వేదమే ఒప్పుకుంది కదా అంటోంది. రెండో పక్షం అదే ఖండంలో నాలుగు మంత్రాలు వెనక్కి వెళ్ళి, అమావాస్యకీ పున్నమికీ చేసే దర్శపూర్ణమాసాలు లేని అగ్నిహోత్రం ఏడు లోకాలనూ చెడగొడుతుందన్న మాట చూపిస్తోంది. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే పుట. ఈ ముడి విప్పడానికి అశ్వమేధాల దాకా పోనక్కర్లేదు. రోజూ రెండు పూటలా జరిగే అగ్నిహోత్రమనే చిన్న పాల హోమాన్ని చూస్తే చాలు.

అగ్నిహోత్రంలో ఆవు పాలు పితికి, గార్హపత్యమనే ఇంటి అగ్ని మీద కాచి, స్రువమనే చిన్న గరిటెతో నాలుగు సార్లు అగ్నిహోత్రహవణి అనే పెద్ద చెక్క గరిటెలోకి తీస్తారు. దాన్ని తూర్పున ఉన్న ఆహవనీయాగ్ని దగ్గరికి తీసుకెళ్ళి రెండు ఆహుతులు వేస్తారు. మొదటిది సాయంత్రం అగ్నికి, ఉదయం సూర్యుడికి. రెండోది రెండు పూటలా ప్రజాపతిని తలుచుకుంటూ, పైకి పలకకుండా. మిగిలిన పాలు తాగుతారు. పని చిన్నదే, బరువంతా గడువులో ఉంది. యజ్ఞవిధులను వివరించే వేదభాగం శతపథ బ్రాహ్మణం దీన్ని ‘జరామర్య సత్రం’ అంటుంది, అంటే ముసలితనమో చావో వస్తే తప్ప దీన్నుంచి విడుదల లేదు. పితుకుతుండగా ఆవు కూలబడినా, పాలు ఒలికినా, నిప్పు ఆరినా ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. ఇల్లు వదిలి అడవికి పోదామనుకున్నవాడి కాళ్ళకు మొదట అడ్డం పడేది ఈ నిప్పే.

మలుపు కూడా ఇక్కడే వచ్చింది. అదే శతపథం పదకొండో కాండలో విదేహ రాజు జనకుడు అడుగుతాడు: “యాజ్ఞవల్క్యా, అగ్నిహోత్రం నీకు తెలుసా?” “తెలుసు, సమ్రాట్. పాలే.” “పాలు లేకపోతే?” “వడ్లు, యవలు.” “అవీ లేకపోతే?” వేరే ఓషధులు, అవి లేకపోతే అడవి ఓషధులు, అవీ లేకపోతే చెట్ల పళ్ళు, చివరికి నీళ్ళు. “నీళ్ళు కూడా లేకపోతే?” “అప్పుడిక్కడ ఏమీ ఉండదు. అయినా హోమం జరుగుతుంది, శ్రద్ధలో సత్యాన్ని వేల్చి.” జనకుడు నూరు ఆవులిచ్చాడు. ఇందులో యజ్ఞాన్ని కాదన్న మాట ఒక్కటీ లేదు. కానీ ద్రవ్యం లేకుండా, నిప్పు లేకుండా హోమం సాగుతుందని యాగశాలలో పెరిగిన మనిషే ఒప్పుకున్నాడు. సన్న్యాసం పుచ్చుకునేవాడు అగ్నులను ఆర్పేసి పోడు, ఊపిరి ద్వారా తనలోకి ఎక్కించుకుంటాడు. ఆ ఆత్మసమారోపణకు దారి ఈ సంభాషణలోనే పడింది.

అదే కాండలో మరోచోట జనకుడు ఇంకో మెట్టు పైకెక్కుతాడు. వేల్చిన రెండు ఆహుతులు ఆకాశానికి పోయి, దిగివచ్చి, పురుషుడిలో, స్త్రీలో ప్రవేశించి మళ్ళీ మనిషిగా పుడతాయంటాడు. ఛాందోగ్య, బృహదారణ్యక ఉపనిషత్తుల పంచాగ్ని విద్యకు విత్తనం ఇదే. అక్కడ పాంచాల రాజు ప్రవాహణ జైవలి పై లోకం, వాన మేఘం, భూమి, పురుషుడు, స్త్రీ అని అయిదు అగ్నులు లెక్కపెట్టి, చనిపోయినవారికి రెండు దారులు చెబుతాడు. యజ్ఞదానాలు చేసినవారు పొగ దారిన చంద్రుడి దాకా పోయి, పుణ్యం కరిగాక వెనక్కి రావాలి. అడవిలో ఉపాసన చేసినవారు వెలుగు దారిన పోతారు, తిరిగి రారు. యజ్ఞం అబద్ధమని ఈ లెక్క అనదు, యజ్ఞఫలం ఖర్చయిపోతుందంటుంది.

తపస్సు ఏ దారిలో పడిందన్నది చాలామంది గమనించరు. బృహదారణ్యకం దాన్ని యజ్ఞం, దానాలతో కలిపి పొగ దారిలో వేసింది. ఛాందోగ్యం అడవివాళ్ళ వైపుకి, వెలుగు దారికి మార్చింది. ఒకే కథ, ఒకే రాజు, ఒక్క మాట చోటు మారింది. తపస్సు ఎవరి సొత్తన్నది అప్పటికి ఇంకా తేలలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఛాందోగ్యం ఆ తర్వాత కేకయ రాజు అశ్వపతి చేత ఇంకో మాట చెప్పిస్తుంది. మొదటి ముద్దను ‘ప్రాణాయ స్వాహా’ అని తింటే అదే అగ్నిహోత్రం, వ్యాన, అపాన, సమాన, ఉదానాలకు ఒక్కొక్క ఆహుతి. తెలుగునాట ఔపోసన పట్టి భోజనానికి కూర్చునేవారు ఇప్పటికీ చేసేది ఈ ప్రాణాగ్నిహోత్రమే. కాకపోతే వరుస కృష్ణ యజుర్వేద శాఖ అయిన తైత్తిరీయులది: ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమాన.

ఇంత నడిచినా ఉపనిషత్తులు ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాయి. ముండకం తెప్పల మంత్రం పశువుల ఊసెత్తదు, దాని ఫిర్యాదు ఫలం గురించే. ఛాందోగ్యం ముగింపులో ప్రాణులను హింసించవద్దన్న మాట ఉంది, పక్కనే ‘అన్యత్ర తీర్థేభ్యః’ అన్న మినహాయింపూ ఉంది. తీర్థమంటే శాస్త్రం అనుమతించిన సందర్భమని శంకరులు అర్థం చెప్పారు. యాగపశువు అలా తప్పించుకోలేకపోయింది.

దాని పక్షాన అడిగింది శ్రమణులు, అంటే బౌద్ధ, జైనుల వంటి వేదబాహ్య సన్న్యాసులు. బౌద్ధుల పాళీ గ్రంథం దీఘనికాయంలోని కూటదంత సుత్తంలో మగధలోని ఖానుమత గ్రామంలో కూటదంతుడనే బ్రాహ్మణుడు ఎద్దులు, కోడెలు, పెయ్యలు, మేకలు, పొట్టేళ్ళు ఒక్కొక్కటి 700 చొప్పున యూపాలనే బలి స్తంభాల దగ్గరికి తెప్పిస్తాడు. యాగం ఎలా చేయాలో బుద్ధుణ్ణే అడుగుతాడు. బుద్ధుడు వద్దనడు, మహావిజిత రాజు చేసిన యాగం కథ చెబుతాడు. అందులో పశువు చావలేదు, యూపానికి చెట్టు కూలలేదు, దర్భ కోయలేదు, పనివాళ్ళు దెబ్బలకు భయపడి ఏడుస్తూ పని చేయలేదు. నెయ్యి, నూనె, వెన్న, పెరుగు, తేనె, బెల్లంతోనే ముగిసింది. దానికి ముందు రైతులకు విత్తనాలు, వర్తకులకు పెట్టుబడి, కొలువు వాళ్ళకు జీతం ఇమ్మని పురోహితుడే సలహా ఇచ్చాడు. జనకుడి ప్రశ్నల్లో పనివాళ్ళ కన్నీళ్ళకు చోటు లేదు.

ఎవరు ముందన్న వాదం వేరు. పునర్జన్మ, కర్మ భావాలు మగధ ప్రాంతపు శ్రమణుల నుంచే ఉపనిషత్తుల్లోకి వచ్చాయని భారతీయ విద్యల పండితుడు జొహన్నెస్ బ్రాంక్‌హార్స్ట్ 2007లో గట్టిగా వాదించారు. జనకుడి విదేహ తూర్పుదే కాబట్టి కొంత నిలుస్తుంది. కానీ ప్రవాహణుడి పాంచాలం గంగా యమునల వైపు, విదేహకు పడమటి దేశం, అశ్వపతి కేకయం పంజాబు వైపుది. పైగా రెండు దారుల భాషంతా ఆహుతి, సమిధ, పొగ, జ్వాలలదే. బయటి నుంచి వచ్చిన భావమైతే యాగశాల మాటల్లో ఇంతగా మునిగి ఉండటం ఎలాగో ఆ వాదం చెప్పాలి.

అశోకుడి కాలానికి, అంటే క్రీ.పూ. మూడో శతాబ్దానికి, రాజు చెవికెక్కింది మాత్రం శ్రమణుల ప్రశ్నే. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా చెక్కించిన మొదటి శిలాశాసనం ఇక్కడ ఏ జీవాన్నీ చంపి హోమం చేయరాదంటుంది. అందులో వాడిన క్రియ ‘హోమం’ అన్న మాట పుట్టిన ధాతువుదే. ఆ వెంటనే శాసనం రాజుగారి వంటింటి లెక్క చెబుతుంది: ఇదివరకు కూర కోసం రోజూ లక్షల ప్రాణులు చచ్చేవి, ఇప్పుడు మూడే, రెండు నెమళ్ళు, ఒక జింక. ఆ జింక కూడా రోజూ కాదు. ఇకమీదట ఈ మూడింటినీ చంపరు.