ఒక బస్తాతో ఎన్ని అడుగుల పిల్లర్ లేస్తుంది?

"పిల్లర్‌కు రెండు బస్తాలు వేసుకోండి" అని అనంతపురంలో ఏ మేస్త్రినడిగినా చెప్తాడు. ఆ లెక్క ఒక్కోసారి సరిపోతుంది, ఒక్కోసారి నడిమధ్యలో సిమెంట్ అయిపోయి కొట్టుకు పరుగెత్తాల్సి వస్తుంది. తేడా మేస్త్రి అనుభవంలో లేదు. పిల్లర్ లావెంత, ఎత్తెంత అన్న రెండు కొలతలూ ఆ మాటలో లేకపోవడమే తేడా. గుండ్రటి పిల్లర్ విషయంలో ఈ లోపం ఇంకాస్త పెద్దదవుతుంది, ఎందుకంటే దాని లావు ఒక్క అంగుళం మారినా కాంక్రీటు అంతకంటే ఎక్కువగా మారుతుంది.

ముందు ఘనపరిమాణం చూద్దాం. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, 0.785తో గుణిస్తే పిల్లర్ అడ్డుకోత వైశాల్యం వస్తుంది. దాన్ని ఎత్తుతో గుణిస్తే కాంక్రీటు ఎంతో తెలుస్తుంది. 0.785 అంటే 3.14లో నాలుగో వంతు, అంతే. అన్ని కొలతలూ అడుగుల్లోకి మార్చుకున్నాకే గుణించాలి. 9 అంగుళాలను 0.75 అడుగులు అనకుండా 0.9 అని రాసుకునే పొరపాటు చాలా మామూలు. అక్కడే లెక్క ఒకటిన్నర రెట్లకు దగ్గరగా పెరిగిపోతుంది.

12 అంగుళాల పిల్లర్ ప్రతి అడుగు ఎత్తుకూ 0.785 ఘనపుటడుగుల కాంక్రీటు తింటుంది. 9 అంగుళాలదైతే 0.44, 15 అంగుళాలదైతే 1.23. తొమ్మిది నుంచి పన్నెండుకు పెరిగింది మూడంగుళాలే, కాంక్రీటు మాత్రం ముప్పాతిక వంతుకు పైగా పెరిగింది. గుండ్రటి పిల్లర్‌ను "పన్నెండు బై పన్నెండు" అని చదరంగా లెక్కేసే అలవాటు కూడా ఉంది. అలా వేస్తే అవసరమైన దానికంటే పావు వంతుకు పైగా ఎక్కువ కొంటారు.

ఇక బస్తా సంగతి. 50 కిలోల సిమెంట్ బస్తా సుమారు 35 లీటర్లు, అంటే 1.23 ఘనపుటడుగుల చోటు ఆక్రమిస్తుంది. చిన్న ఇళ్లకు వాడే ఎం20 మిశ్రమంలో ఒక పాలు సిమెంట్, ఒకటిన్నర పాళ్ల ఇసుక, మూడు పాళ్ల 20 మిల్లీమీటర్ల కంకర. మొత్తం ఐదున్నర పాళ్లు. బస్తా లెక్కన కుప్ప పోస్తే ఆరుముప్పావు ఘనపుటడుగుల పొడి సరుకు. నీళ్లు పోసి కలిపాక అది 4.4 ఘనపుటడుగులకు దిగిపోతుంది. సరుకు ఎక్కడికీ పోలేదు. కంకర రాళ్ల మధ్య సందుల్లోకి ఇసుక, ఇసుక రేణువుల మధ్యకు సిమెంట్ దూరాయి. అందుకే ఇంజనీర్లు తడి కాంక్రీటును 1.54తో గుణించి పొడి సరుకు లెక్క కడతారు. ఆ గుణకారం మరిచిపోతే మూడో వంతు సిమెంట్ తక్కువ పడుతుంది. సిమెంట్ చాలకపోవడానికి ఇదొక సాధారణమైన కారణం.

ఇప్పుడు రెండు సంఖ్యలనూ కలిపితే పనికొచ్చే కొలత ఒకటి దొరుకుతుంది. బస్తా 4.4 ఘనపుటడుగులిస్తుంది, 12 అంగుళాల పిల్లర్ అడుగుకు 0.785 తింటుంది. కాబట్టి ఒక బస్తాతో ఐదున్నర అడుగుల పిల్లర్ లేస్తుంది. 9 అంగుళాలదైతే బస్తాకు పది అడుగులు, 15 అంగుళాలదైతే మూడున్నర అడుగులు. ఎం20కి బదులు 1:1:2 కలిపితే 12 అంగుళాల పిల్లర్ బస్తాకు నాలుగడుగులే వస్తుంది. పన్నెండంగుళాల పిల్లర్‌కు ఈ ఐదున్నర ఒక్కటి గుర్తుంటే చాలు, మిగతాది నోటి లెక్కే.

ఒక చిన్న ఇల్లు తీసుకుందాం. తొమ్మిది పిల్లర్లు, అన్నీ గుండ్రటివి, 12 అంగుళాలవి. పునాది ఫుటింగ్ పైనుంచి ప్లింత్ బీమ్ అడుగు దాకా 4 అడుగులు. ప్లింత్ బీమ్ పైనుంచి శ్లాబు బీమ్ అడుగు దాకా 9 అడుగులు. ఫుటింగ్‌నూ బీమ్‌ల మందాన్నీ వాటి లెక్కల్లోనే వేసుకోవాలి, ఇక్కడ కలిపితే రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. చాలామంది కంటికి కనిపించే 9 అడుగులనే లెక్కేసి, మట్టిలో ఉండే 4 అడుగులను వదిలేస్తారు. కాంక్రీటులో అది దాదాపు మూడో వంతు.

కింది భాగం తొమ్మిది పిల్లర్లకు 36 అడుగులు, ఐదున్నరతో భాగిస్తే ఆరున్నర బస్తాలు. పై భాగం 81 అడుగులు, దానికి పద్నాలుగున్నర నుంచి పదిహేను. రెండూ ఒకేరోజు పోసేవి కావు గనుక వేటికవి పై అంకెకు పెంచాలి: 7, 15. మొత్తం 22. ఒలికినవి, గిన్నెలకు అంటుకున్నవి కలిపి నూటికి ఐదు వంతులు వేసుకుంటే 23 దాటుతుంది, 24 తెప్పించుకోవచ్చు. మిక్సర్ లేకుండా చేత్తో కలిపితే సిమెంట్ పదో వంతు అదనంగా వేయడం ఆనవాయితీ, అప్పుడు 26 దాకా పోతుంది. ఊచలు ఆక్రమించే చోటు నూటికి ఒక పాలు మాత్రమే. దాన్ని తీసేయాల్సిన పని లేదు.

ఏ వ్యాసం లెక్కలోకి తీసుకోవాలన్నది ఇక్కడే తేల్చుకోవాలి. డ్రాయింగులో 12 అంగుళాలంటే కాంక్రీటే 12 అంగుళాలు. పైన అర అంగుళం ప్లాస్టరింగ్ వస్తుంది కదా అని అచ్చును 11కి తగ్గిస్తే పిల్లర్‌లో ఆరో వంతు కాంక్రీటు మాయమవుతుంది. సిమెంట్ ఆదా అయిందని సంబరపడేలోపు బలం కూడా అంత పోయినట్టే. ఇనుప అచ్చు లోపల టేపును రెండు దిక్కుల్లో అడ్డంగా పట్టి చూడాలి. చాలా చోట్ల వాడివాడి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిన అచ్చులు తిరుగుతుంటాయి. ఇప్పటికే పోసిన పిల్లర్ అయితే చుట్టుకొలతను 3.14తో భాగించండి. 12 అంగుళాల పిల్లర్ చుట్టూ టేపు 37.7 అంగుళాలు చూపాలి. నిలువు ఊచలను చుట్టి కట్టే రింగు బయటి వ్యాసం 22 సెంటీమీటర్ల దగ్గర ఉంటేనే ఊచలపై నాలుగు సెంటీమీటర్ల కాంక్రీటు కవరు మిగులుతుంది. గుండ్రటి పిల్లర్‌లో నిలువు ఊచలు కనీసం ఆరుండాలన్నది కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 నియమం.

లెక్క కాగితం మీద సరిగ్గానే ఉన్నా, పని జరిగేచోట దాన్ని చెడగొట్టేది ఇసుక. తట్టలతో కొలిస్తే ఏ తట్ట ఎంత నిండిందో దేవుడికెరుక. అడుగు పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తున్న చెక్కపెట్టె చేయించుకుంటే అది సరిగ్గా బస్తా సిమెంట్ కొలత. ఒక బస్తాకు ఆ పెట్టెతో ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెల కంకర. కానీ పెన్నా ఇసుకైనా, తుంగభద్ర ఇసుకైనా, కొద్దిగా తడిగా ఉంటే పొంగుతుంది. రేణువుల చుట్టూ నీటి పొర చేరి వాటిని దూరం నెడుతుంది. నూటికి ఐదు వంతుల తడి చాలు, పావు వంతు దాకా ఉబ్బుతుంది. వింతేమిటంటే పూర్తిగా నీట మునిగితే మళ్లీ పొడి ఇసుకంతే అవుతుంది. దాన్నే పరీక్షగా వాడుకోవచ్చు. నిలువు గాజు సీసాలో తడి ఇసుకను 20 సెంటీమీటర్ల ఎత్తుకు వదులుగా పోసి, నీళ్లు పోసి కలియబెట్టి, దిగనివ్వండి. 16 సెంటీమీటర్లకు దిగితే ఇసుక పావు వంతు పొంగిందన్నమాట.

అలాంటి ఇసుకను ఒకటిన్నర పెట్టె పోస్తే నిజంగా పడేది 1.2 పెట్టెలే. బస్తాకు దాదాపు పావు ఘనపుటడుగు కాంక్రీటు తగ్గుతుంది, మన ఇంటికి ఒక బస్తా అదనంగా పోతుంది. డబ్బు సంగతి అలా ఉంచితే, కంకర సందులు నింపే ఇసుక చాలక పిల్లర్‌లో గుల్లలు పడతాయి. కాబట్టి పొంగిన వంతుకు సరిపడా ఇసుక పెంచాలి, ఇసుకలో ఉన్న నీళ్లను కలిపే నీళ్లలోంచి తగ్గించాలి. ఎం20కి బస్తాకు 30 లీటర్లు మించకూడదు. ఆ తడి ఇసుకే నాలుగు లీటర్లు తెచ్చిపెడుతుంది. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం అచ్చు, ఊచలు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటాయి, కాంక్రీటు చూస్తుండగానే బిగుసుకుంటుంది. అప్పుడు కూలీ ఇంకో చెంబు నీళ్లు పోస్తాడు, అతని తప్పు కాదు, పొద్దున్నే పోయాల్సిన పని మధ్యాహ్నానికి పెట్టినవాళ్లది.

ఇక పోసేటప్పుడు బస్తా లెక్కే మనకు కొలబద్ద. తడి కాంక్రీటును ఐదడుగుల కంటే ఎత్తు నుంచి వదిలితే కంకర ముందు పడి, సిమెంట్ పాలు వేరవుతాయి. కనుక తొమ్మిదడుగుల అచ్చును రెండు ముక్కలుగా బిగించి, కింది ముక్కను నింపి, వైబ్రేటర్ పెట్టి, వెంటనే పైముక్క ఎక్కించి కొనసాగించాలి. ఎక్కువ ఆలస్యం చేస్తే రెంటి మధ్య అతుకు మిగిలిపోతుంది. ఒక బస్తా మిశ్రమం పూర్తిగా పోశాక ఊచతో మట్టం చూడండి. ఐదున్నర అడుగుల దగ్గర ఉంటే అంతా సవ్యంగా ఉంది. ఆరడుగులు దాటిందా, ఇసుకో కంకరో ఎక్కువైంది, లేదా రింగుల కింద కాంక్రీటు ఇరుక్కుని ఖాళీ మిగిలింది. ఇంకా వైబ్రేటర్ తిప్పితే మట్టం దిగితే ఖాళీయే, దిగకపోతే మిశ్రమమే తేడా. ఐదడుగుల దగ్గరే ఆగిపోతే అచ్చు అంచుల వెంట చూడండి. బోల్టు వదులై సిమెంట్ పాలు కారుతుంటాయి, లేదా అచ్చు ఉబ్బి ఉంటుంది. రెండూ కాకపోతే తడి ఇసుకే కారణం.

మర్నాడు అచ్చు విప్పాక చుట్టూ సుత్తితో మెల్లగా తట్టితే డొల్ల ఉన్నచోట శబ్దం మారుతుంది, ముఖ్యంగా పిల్లర్ మొదట్లో, అచ్చు అతుకుల దగ్గర. పైపైన ఉన్న గుల్లలైతే వదులు రాళ్లు చెక్కి తీసి, తడిపి, గట్టి సిమెంట్ మోర్టారు కూరవచ్చు. లోపలి ఊచ కనిపిస్తే మాత్రం ఇంజనీరు చూసేదాకా ప్లాస్టర్ పూయనివ్వకండి. బాగున్న పిల్లర్‌ను గోనె పట్టాలతో చుట్టి, ఎండు గాలి కొట్టే మన ఊళ్లలో కనీసం పది రోజులు, బూడిద కలిపి చేసే పీపీసీ సిమెంట్ అయితే పద్నాలుగు రోజులు తడి ఆరనివ్వకుండా నీళ్లు పట్టాలి.